హిమోగ్లోబిన్ సగం పోవడం: రక్తహీనతలో ఒకలా, కార్బన్ మోనాక్సైడ్‌లో ఇంకోలా ఎందుకు?

రెండోఏడాది

ఒక ప్రశ్న తెగట్లేదు. ఒకరికి రక్తహీనత, హిమోగ్లోబిన్ 7.5 గ్రాములు. ఇంకొకరికి హిమోగ్లోబిన్ 15 ఉంది కానీ అందులో 50 శాతాన్ని కార్బన్ మోనాక్సైడ్ పట్టేసుకుంది. గ్రాముకు 1.34 మి.లీ. చొప్పున లెక్కేస్తే ఇద్దరి రక్తమూ డెసిలీటరుకు 10 మి.లీ. దాకానే ఆక్సిజన్ మోయగలదు. మరి మొదటివాడు ఆయాసపడుతూనైనా తన కాళ్ల మీద తాను ఓపీకి వస్తాడు. రెండోవాణ్ణి స్పృహ లేకుండా స్ట్రెచర్ మీద తెస్తారు. ఏ ఆక్సిజన్ పీడనం దగ్గర హిమోగ్లోబిన్ ఎంత నిండుతుందో చూపే గీత ఉంది కదా, పుస్తకంలో దాని గురించి "కర్వ్ ఎడమకు జరుగుతుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఎంత జరుగుతుంది, ఆ జరగడానికి అంత తేడా వస్తుందా అన్నది ఎవరైనా అంకెలతో చెప్పగలరా?

గడుసుపిండం

ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. బస్సులో సగం సీట్లలో మోనాక్సైడ్ కూర్చుంది, దిగదు. మిగిలిన సగం సీట్లు మామూలుగానే పనిచేస్తాయి. తేడా అంతా వేగంలో ఉంది. రక్తహీనత నెలల తరబడి వస్తుంది, ఈలోపు ఎర్రకణాల్లో ఆక్సిజన్ పట్టును సడలించే 2,3-డీపీజీ పెరుగుతుంది, గుండె ఎక్కువ రక్తం తోస్తుంది, శరీరం సర్దుకుంటుంది. మోనాక్సైడ్ అరగంటలో పని కానిచ్చేస్తుంది. అదే 7.5 కి ఒక్కసారిగా రక్తం పోయి పడిపోయినవాడు కూడా స్ట్రెచర్ మీదే వస్తాడు.

తులసికోట

నాకో సందేహం. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే కర్వ్ కుడికి కదా జరగాలి? పీహెచ్ తగ్గితే, వేడి పెరిగితే, 2,3-డీపీజీ పెరిగితే కుడికి. ఎడమకు అని ఏ పుస్తకంలో రాశారు? అచ్చుతప్పేమో చూడండి.

మత్తుడాక్టరు

తులసికోట గారూ, ఇక్కడ మాట్లాడుతున్నది CO గురించి, CO2 గురించి కాదు. మీరు చెప్పిన నాలుగూ కరెక్టే. CO2 వెళ్లి హీమ్ మీద కూర్చోదు. కొంత ఆమ్లంగా మారి ప్రోటాన్లను ఇస్తుంది, కొంత గొలుసుల చివర ఉన్న అమైనో గుంపులకు అంటుకుంటుంది. రెండు పనులూ ఆక్సిజన్ వదిలేసిన రూపాన్నే బలపరుస్తాయి, అందుకే కుడికి. CO అలా కాదు, ఆక్సిజన్ కూర్చునే ఇనుము మీదే కూర్చుంటుంది, అదీ 200 నుంచి 250 రెట్లు గట్టిపట్టుతో.

ఇక గడుసుపిండం గారి బస్సు. వేగం గురించి ఆయన అన్నది నిజమే, కానీ "మిగిలిన సగం సీట్లు మామూలుగానే పనిచేస్తాయి" అన్న వాక్యం దగ్గరే కథ తప్పుదారి పట్టింది. 50 శాతం అంటే సగం హిమోగ్లోబిన్ అణువులు పూర్తిగా నిండి, మిగతా సగం ఖాళీగా ఉండటం కాదు. ఒక్కో అణువులో నాలుగు గొలుసులు: 141 అమైనో ఆమ్లాల ఆల్ఫాలు రెండు, 146 అమైనో ఆమ్లాల బీటాలు రెండు, గొలుసుకో హీమ్. ధమని రక్తంలో మోనాక్సైడ్ ఈ హీమ్‌ల మీద దాదాపు చీట్లు వేసినట్టే పంచుకుంటుంది. 50 శాతం దగ్గర ఒక్క మోనాక్సైడ్ కూడా లేని అణువులు పదహారింట ఒకటి ఉంటాయి, అంతే. నాలుగూ మోనాక్సైడే అయినవీ పదహారింట ఒకటి. మిగిలిన పద్నాలుగూ మిశ్రమాలు: ఒకే అణువులో ఒకటో రెండో మూడో CO, తక్కిన చోట్ల ఆక్సిజన్.

ఇప్పుడు ఆ మిశ్రమ అణువు లోపల ఏం జరుగుతోందో చూడండి. ఖాళీగా ఉన్న హీమ్‌లో ఇనుము వలయం తలంలో ఉండదు, దాదాపు 0.4 ఆంగ్‌స్ట్రామ్‌లు బయటికి, ఎఫ్8 హిస్టిడిన్ వైపుకు జరిగి ఉంటుంది. ఆక్సిజన్ వచ్చి అంటుకుంటే ఇనుము తలంలోకి జారుతుంది, తనతో పాటు ఆ హిస్టిడిన్‌ను, దాని వెనకున్న ఎఫ్ హెలిక్స్‌ను లాగుతుంది. ఆ లాగుడు గొలుసుల మధ్య అతుకుల దాకా పోతుంది, ఒక ఆల్ఫా-బీటా జంట రెండో జంట మీద సుమారు 15 డిగ్రీలు తిరుగుతుంది. బిగుసుకున్న టి రూపం సడలి ఆర్ రూపం అవుతుంది, మిగతా హీమ్‌ల పట్టు పెరుగుతుంది. కర్వ్‌కు ఎస్ ఆకారం వచ్చింది ఇందువల్లే.

ఇనుమును తలంలోకి లాగడానికి ఆక్సిజనే రానక్కర్లేదు, మోనాక్సైడ్ వచ్చినా అదే పని జరుగుతుంది. తేడా ఏమిటంటే ఆక్సిజన్ కణజాలంలో దిగిపోతుంది, అణువు మళ్లీ టి వైపు వాలుతుంది, మిగతా ఆక్సిజన్ కూడా సులువుగా ఊడుతుంది. మోనాక్సైడ్ దిగదు. రెండు CO లు అతుక్కున్న అణువు కణజాలం దాకా వెళ్లినా ఆర్ రూపంలోనే ఉండిపోతుంది. పక్కనున్న ఆక్సిజన్‌లు దిగాలంటే చుట్టూ పీడనం చాలా కిందికి పడాలి.

రెండోఏడాది

అంటే కర్వ్ జరగడమే కాదు, ఆకారం కూడా మారుతుందా? ఎస్ మెలిక పోతుందా?

మత్తుడాక్టరు

అవును. మోనాక్సైడ్ పెరిగేకొద్దీ, మిగిలిన చోట్ల వరకే గీసిన కర్వ్ మయోగ్లోబిన్ గీతలాంటి ఒంటి వంపుగా మారుతూ పోతుంది. 1944లో రౌటన్, డార్లింగ్ దీన్నే కొలిచి చూపించారు. పీహెచ్ వల్లో వేడి వల్లో జరిగినప్పుడు ఆకారం దాదాపు అదే ఉండి మొత్తం గీత పక్కకు పోతుంది. ఇక్కడ అడుగుభాగం, అంటే కణజాలానికి అసలు కావలసిన ముక్క, ఎక్కువ దెబ్బతింటుంది.

కాలిక్యులేటర్

అంకెలు అడిగారు కాబట్టి నేను వేస్తాను. రెండు పనిముట్లు చాలు. ఒకటి, 1979లో సెవరింగ్‌హాస్ ఇచ్చిన సూత్రం, మామూలు కర్వ్‌ను బాగా అనుకరిస్తుంది. రెండోది, 1912లో డగ్లస్, హాల్డేన్‌లు చెప్పిన నియమం: ఆక్సిజన్, మోనాక్సైడ్ రెండూ కలిసి హిమోగ్లోబిన్‌ను ఎంత నింపాయన్నది అదే మామూలు కర్వ్ మీద దొరుకుతుంది. మోనాక్సైడ్ పీడనాన్ని దాని పట్టు M తో గుణించి ఆక్సిజన్ పీడనానికి కలిపితే చాలు.

```
S     = 1 / (1 + 23400 / (P^3 + 150*P))
P_eff = PO2 + M*PCO
PO2   = P_eff * O2Hb / (O2Hb + COHb)
```

S అంటే నిండిన వాటా, P_eff రెండు వాయువులూ కలిపిన పీడనం, O2Hb, COHb ఆక్సిజన్, మోనాక్సైడ్ పట్టుకున్న వాటాలు. P మి.మీ. మెర్క్యురీలో. 100 వేస్తే 97.8 శాతం, 40 వేస్తే 75, 27 వేస్తే 50 వస్తాయి, కాబట్టి సూత్రాన్ని నమ్మొచ్చు.

ముందు మామూలు మనిషి. హిమోగ్లోబిన్ 15, సామర్థ్యం 20.1 మి.లీ., ధమనిలో 97.5 శాతం అంటే 19.6. ఒళ్లంతా కలిపి నిమిషానికి 250 మి.లీ. ఆక్సిజన్ వాడుతుంది, గుండె 5 లీటర్లు తోస్తుంది, కాబట్టి ప్రతి డెసిలీటరు నుంచీ 5 మి.లీ. దిగిపోవాలి. సిరలో మిగిలేది 14.6, అంటే 73 శాతం. కర్వ్ మీద అది 38 మి.మీ. దగ్గర.

రక్తహీనత, 7.5 గ్రాములు. సామర్థ్యం 10.05, ధమనిలో 9.8. 5 తీసేస్తే 4.8, అంటే 48 శాతం. కర్వ్ మీద 26 మి.మీ. ఇంకా ఏ సర్దుబాటూ వేయలేదు, గుండె కూడా 5 లీటర్లే తోస్తోందనుకున్నాం.

ఇప్పుడు మోనాక్సైడ్ 50 శాతం. ధమనిలో ఆక్సిజన్ దాదాపు 10 మి.లీ. అందులో 5 తీసేస్తే 5 మిగులుతుంది, మొత్తం 20.1 లో అది 25 శాతం. కానీ హిమోగ్లోబిన్ దృష్టిలో తాను నిండింది 25 కాదు, 50 మోనాక్సైడ్ కలిపి 75 శాతం. 75 శాతానికి కర్వ్ మీద P_eff 40. ఆ 40 లో ఆక్సిజన్ వాటా 25/75, అంటే మూడోవంతు. 13.3 మి.మీ.!

ఒకే సామర్థ్యం, ఒకే వాడకం. ఒకడి సిర రక్తంలో 26, ఇంకొకడిలో 13. ఇంకోలా చూస్తే, మిగిలిన చోట్లలో సగం నిండే పీడనం, అంటే వాటి P50, 27 నుంచి 13.3 కి పడిపోయింది.

రెండోఏడాది

లెక్క అర్థమైంది, ధన్యవాదాలు. ఒక చిన్న విషయం. రక్తహీనతలో ధమనిలో 9.8 వేశారు, మోనాక్సైడ్‌లో 10. రెండింటికీ సామర్థ్యం ఒకటే అయినప్పుడు ఆ 0.2 ఎక్కడిది?

కాలిక్యులేటర్

అదీ ఎడమకు జరగడం వల్లే. పట్టు పెరిగింది కాబట్టి ఊపిరితిత్తుల్లో 100 మి.మీ. దగ్గర ఖాళీ ఉన్న చోట్లు 97.5 కాదు, 99 శాతం పైన నిండుతాయి. ఎక్కించుకోవడంలో ఆ కాస్త లాభం, దించడంలో అంత నష్టం. కర్వ్ పైభాగం ఎలాగూ చదునుగా ఉంటుంది, అక్కడ పట్టు ఎంత పెరిగినా వచ్చేది ఆ 0.2 మి.లీ. మాత్రమే.

గడుసుపిండం

సరే, 13 కి 26 కి తేడా ఒప్పుకుంటాను. అయినా నా మాట పూర్తిగా పోలేదు. గుండె వేగం, డీపీజీ కూడా వేసి చూడండి. అసలు తేడా అక్కడ ఇంకా పెరుగుతుంది.

కాలిక్యులేటర్

వేశాను. పాత రక్తహీనతలో P50 31 కి పెరిగిందనుకుందాం, గుండె 7 లీటర్లు తోస్తోందనుకుందాం. అప్పుడు డెసిలీటరుకు దిగాల్సింది 3.6 మి.లీ. మాత్రమే. సిరలో 6.2 మిగులుతుంది, 62 శాతం. మామూలు కర్వ్ మీద అది 32, కుడికి జరిగిన కర్వ్ మీద 37. మామూలు మనిషి 38 కి దాదాపు సమానం. అందుకే వాడు నడిచి వచ్చాడు.

మోనాక్సైడ్ మనిషికీ అదే 7 లీటర్లు ఇద్దాం. 10 లోంచి 3.6 పోతే 6.4, అంటే 32 శాతం. మోనాక్సైడ్‌తో కలిపి 82. P_eff 46, అందులో ఆక్సిజన్ వాటా 18. గుండె అంతే కష్టపడినా 18 దాటలేదు.

కాబట్టి మీరు చెప్పిన సర్దుబాటు 26 ను 37 చేసింది. కానీ ఏ సర్దుబాటూ లేని రోజు కూడా 26, 13 ల మధ్య దూరం ఉంది. ఆ దూరం మాత్రం ఎడమకు జరగడం పుణ్యమే.

మత్తుడాక్టరు

దీనికి ఒక హెచ్చరిక చేర్చాలి. సిర రక్తం అంకె ఒళ్లంతటి సగటు. గుండె కండరం తన రక్తం నుంచి డెసిలీటరుకు 11 మి.లీ. దాకా మామూలుగానే లాగేస్తుంది. వచ్చేదే 10 అయినప్పుడు లాగడం పెంచే వీలే లేదు, కరోనరీ రక్తప్రవాహం రెట్టింపుకు పైగా పెరగాలి. రక్తహీనతకూ ఈ బాధ ఉంది. ధమనులు సన్నబడిన వాళ్లకు మోనాక్సైడ్ తక్కువ శాతంలోనే ఛాతీనొప్పి తెస్తుంది. 13.3 అన్నది ఒక్కో అవయవానికి వర్తించే అంకె కాదు, దిశ చూపించే అంకె.

డీపీజీ గురించి కూడా. అది టి రూపంలో రెండు బీటా గొలుసుల మధ్య ఉండే సందులో కూర్చుంటుంది, అణువుకు ఒకటి చొప్పున. ఆర్ రూపంలోకి మారగానే ఆ సందు ఇరుకై దాన్ని బయటికి నెట్టేస్తుంది. మోనాక్సైడ్ అణువులను ఆర్ లో బిగించేసింది కాబట్టి, డీపీజీ ఉన్నా కూర్చోవడానికి చోటు తగ్గుతుంది. పైగా అది పెరగడానికి గంటలు పడుతుంది. ఈ రోగికి అంత వ్యవధి ఉండదు.

పెద్దకోడలు

అందరికీ నమస్కారం. మీ చర్చ మధ్యలో వచ్చానని ఏమీ అనుకోకండి. మా అత్తగారికి హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో మాత్రం 98 చూపిస్తోంది. మెట్లెక్కితే ఆయాసం. 98 ఉంది కాబట్టి భయం లేదనుకోవాలా, లేక ఇంట్లో ఆక్సిజన్ పెట్టమంటారా?

మత్తుడాక్టరు

అమ్మా, ఆక్సీమీటర్ చెప్పేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం నిండిందని. ఎంత హిమోగ్లోబిన్ ఉందన్నది దానికి తెలియదు. 7.2 అంతా చక్కగా నిండే ఉంది, అందుకే 98. ఆక్సిజన్ పెడితే ఆ రెండు శాతం, రక్తద్రవంలో కరిగే కొద్దిపాటి తప్ప ఇంకేమీ కలవదు. ఆమెకు కావలసింది హిమోగ్లోబిన్ ఎందుకు తగ్గిందో వెతికే డాక్టరు. ఇనుము లోపమా, బి12 లోపమా, ఎక్కడైనా రక్తం పోతోందా అన్నది తేలాలి. కూర్చున్నా ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మలం నల్లగా పోయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పెద్దకోడలు

నల్లగా పోవడం గురించి అడగలేదు, ఇప్పుడే అడుగుతాను. చాలా థాంక్సండీ.

ల్యాబ్‌పిల్ల

ఆక్సీమీటర్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి, మోనాక్సైడ్ రోగిలో అది ఇంకా దారుణంగా మోసం చేస్తుంది. మామూలు ఆక్సీమీటర్ రెండే రంగుల కాంతి వాడుతుంది, 660 నానోమీటర్ల ఎరుపు, 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్. ఎరుపు దగ్గర మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్, ఆక్సిజన్ పట్టిన హిమోగ్లోబిన్ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అందుకే 50 శాతం మోనాక్సైడ్ ఉన్నా తెర మీద SpO2 90 పైనే కనిపించవచ్చు.

అంతకంటే తెలివైన వాళ్లు పడే గొయ్యి ఇంకొకటి ఉంది. రక్తవాయువుల పరీక్ష చేస్తారు, PO2 95 వస్తుంది, పక్కనే సాచురేషన్ 97 అని ప్రింటవుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. PO2 అబద్ధం చెప్పలేదు. అది కరిగి ఉన్న ఆక్సిజన్ పీడనం, దాన్ని నిర్ణయించేది ఊపిరితిత్తులు, మోనాక్సైడ్ దాని జోలికి పోదు. కానీ చాలా యంత్రాల్లో ఆ 97 కొలిచింది కాదు. PO2, పీహెచ్, ఉష్ణోగ్రత తీసుకుని, ఇదుగో పైన కాలిక్యులేటర్ గారు వేసిన లాంటి మామూలు కర్వ్‌లో పెట్టి లెక్కగట్టింది! కర్వ్ ఎడమకు జరిగిందనీ, సగం చోట్లు పోయాయనీ యంత్రానికి తెలియదు. రిపోర్టులో లెక్కగట్టిందా, కొలిచిందా చూడండి. కో-ఆక్సీమీటర్ ఉన్న యంత్రం చాలా తరంగదైర్ఘ్యాల దగ్గర కొలిచి మోనాక్సైడ్ వాటా, మెట్‌హిమోగ్లోబిన్ వాటా విడివిడిగా ఇస్తుంది. అది లేకపోతే ఈ రోగ నిర్ధారణ కాగితం మీద కనిపించనే కనిపించదు.

తులసికోట

మోనాక్సైడ్ రోగికి కణజాలంలో ఆక్సిజన్ చాలకపోతే లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది కదా. పీహెచ్ తగ్గుతుంది, అప్పుడు నేను ముందు చెప్పినట్టు కుడికి జరుగుతుంది. అంటే రెండూ కొట్టేసుకుంటాయా?

కాలిక్యులేటర్

మంచి ప్రశ్న. కొంత కొట్టేసుకుంటాయి, పూర్తిగా కాదు. పీహెచ్ 0.1 పడితే log P50 సుమారు 0.048 పెరుగుతుంది. 7.4 నుంచి 7.2 కి పడితే పీడనాలన్నీ దాదాపు 1.25 రెట్లు. అంటే ఇందాకటి 13.3 కాస్తా 16.6 అవుతుంది. మూడు మి.మీ. లాభం. 26 ఎక్కడ, 16.6 ఎక్కడ?

మత్తుడాక్టరు

ఆ మూడు మి.మీ. చిన్నదే, కానీ చేతులారా పోగొట్టుకోకూడదు. కొత్తగా చేరినవాళ్లు పీహెచ్ 7.2 చూడగానే బైకార్బొనేట్ అందుకుంటారు. పీహెచ్ పైకి లేస్తుంది, కర్వ్ మళ్లీ ఎడమకు పోతుంది. ఇక్కడ ఆమ్లత్వం ఆక్సిజన్ అందక వచ్చింది, ఆక్సిజన్ అందితే అదే సర్దుకుంటుంది. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి శ్వాసల రేటు అతిగా పెట్టినా ఇదే తప్పు ఇంకో దారిలో జరుగుతుంది. CO2 కడిగేసినట్టవుతుంది, పీహెచ్ పెరుగుతుంది. ఒళ్లు చల్లబడినా ఎడమకే. ఈ మూడింటినీ అదుపులో పెట్టడం మన చేతిలో ఉంది.

అనుమానంపక్షి

ఇప్పటిదాకా అంతా హిమోగ్లోబిన్ మీదే తిరుగుతోంది. నాకు అభ్యంతరం ఉంది. 1975లో గోల్డ్‌బామ్ బృందం కుక్కల మీద చేసిన పని గుర్తుచేస్తాను. మోనాక్సైడ్ పీల్చిన కుక్కలు చచ్చిపోయాయి. ముందే మోనాక్సైడ్ పట్టించిన ఎర్రకణాలను ఎక్కించి, రక్తంలో శాతాన్ని 60 దరిదాపులకు తెచ్చిన కుక్కలు బతికాయి. ఎడమకు జరగడమే చంపేదైతే రెండో గుంపు కూడా చావాలి కదా? మోనాక్సైడ్ మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ను, మయోగ్లోబిన్‌ను కూడా పట్టుకుంటుంది. అసలు విషం అక్కడుందని నా నమ్మకం.

మత్తుడాక్టరు

ఆ ప్రయోగాన్ని కొట్టిపారేయను. కానీ రెండు గుంపులూ ఒకటి కాదు. పీల్చిన కుక్కలకు ప్లాస్మాలో కరిగిన మోనాక్సైడ్ పీడనం ఎక్కువగా ఉంది, హిమోగ్లోబిన్ శాతం ఇంకా పైకి పోతూనే ఉంది. ఎక్కించిన కుక్కల్లో అది ఒకచోట ఆగిపోయింది. కాబట్టి ఆ ప్రయోగం "హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు" అని చెబుతుంది, "హిమోగ్లోబిన్ కాదు" అని చెప్పదు. సైటోక్రోమ్ ఆక్సిడేజ్ కూడా ఆక్సిజన్‌తో పోటీలోనే మోనాక్సైడ్‌కు లొంగుతుంది. కణంలో ఆక్సిజన్ 13 కి, ఇంకా కిందికి పడితేనే ఆ పోటీలో మోనాక్సైడ్ చెయ్యి పైనవుతుంది. అంటే ఎడమకు జరగడం రెండోదానికి తలుపు తీస్తోందని నా ఉద్దేశం.

అనుమానంపక్షి

తలుపు ఎవరు తీశారన్నది మీ ఉద్దేశమే, కొలత కాదు. ఇంకొకటి చూడండి. ఆసుపత్రికి వచ్చేసరికి 20 శాతం ఉన్నవాడు కోమాలో, 40 ఉన్నవాడు మాట్లాడుతూ ఉండటం అరుదేమీ కాదు. కర్వ్‌తోనే అంతా తేలితే శాతానికీ లక్షణాలకూ ఇంతకంటే మంచి పొత్తు ఉండాలి.

ల్యాబ్‌పిల్ల

ఆ పొత్తు లేకపోవడానికి సగం కారణం నమూనా తీసిన వేళ. అంబులెన్సులోనే ఆక్సిజన్ పెట్టేస్తారు, సరిగ్గా చేసే పని కూడా అదే. గాలి పీలుస్తూ ఉంటే మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ మీద గంట నుంచి గంటన్నర. రెండు గంటల తర్వాత తీసిన 20 శాతం, ప్రమాద స్థలంలో 50 అయి ఉండొచ్చు. మిగతా సగం మీరన్నదే కావచ్చు.

రెండోఏడాది

ఆక్సిజన్ ఇస్తే మోనాక్సైడ్ అంత త్వరగా పోవడం కూడా ఆ హాల్డేన్ సమీకరణంలోంచే వస్తుందా? పట్టు 220 రెట్లున్నప్పుడు ఆక్సిజన్ దాన్ని ఎలా తోసేస్తుంది?

కాలిక్యులేటర్

అందులోంచే. మోనాక్సైడ్, ఆక్సిజన్ వాటాల నిష్పత్తి M × PCO / PO2. మామూలు గాలి పీలుస్తూ రక్తంలో PO2 100 ఉన్నప్పుడు రెండూ సగం సగం కావాలంటే PCO 0.45 మి.మీ. చాలు, అంత తక్కువ. మోనాక్సైడ్ పీడనం అదే ఉంచి PO2 ను 600 చేస్తే నిష్పత్తి ఆరో వంతుకు పడుతుంది. పైగా రోగి బయటి గాలిలోకి వచ్చాక పీల్చే మోనాక్సైడ్ సున్నా, కాబట్టి ఊడినది ఊడినట్టే బయటికి పోతుంది. పట్టు 220 రెట్లున్నా ఆక్సిజన్‌ను రాశిగా పోసి గెలవడమే.

మత్తుడాక్టరు

దీనికి ఇంకో లాభం ఉంది, అది కర్వ్‌తో పని లేనిది. కరిగిన ఆక్సిజన్ ప్రతి మి.మీ. కి డెసిలీటరుకు 0.003 మి.లీ. 100 దగ్గర 0.3, 600 దగ్గర 1.8. పీడన గదిలో మూడు వాతావరణాల పీడనంలో పూర్తి ఆక్సిజన్ పీలిస్తే 2000 దగ్గర 6 మి.లీ. మనం ఇందాక లెక్కేసిన 5 మి.లీ. అవసరం హిమోగ్లోబిన్ సాయం లేకుండానే తీరిపోతుంది, మోనాక్సైడ్ సగానికి తగ్గే వ్యవధి అరగంట లోపుకు వస్తుంది.

కాగితం మీద ఇంత అందంగా ఉన్నా, ఆ పీడన గదిలో పెడితే తర్వాత వచ్చే మతిమరుపు, మెదడు ఇబ్బందులు తగ్గుతాయా అన్న దాని మీద పరీక్షల ఫలితాలు ఒక మాట మీద లేవు. కొన్ని తగ్గుతాయన్నాయి, కొన్ని తేడా లేదన్నాయి. గర్భిణికైతే నేను త్వరగా ఆలోచిస్తాను, ఎందుకంటే పిండం హిమోగ్లోబిన్ కర్వ్ మామూలుగానే ఎడమన ఉంటుంది. మోనాక్సైడ్ దాన్ని ఇంకా ఎడమకు నెడుతుంది, తల్లి కోలుకున్న తర్వాత కూడా పిండంలో నెమ్మదిగానే తగ్గుతుంది.

అనుమానంపక్షి

ఫలితాలు ఒక మాట మీద లేకపోవడమే నేను చెప్పేది. మోనాక్సైడ్ రక్తం నుంచి పోయిన తర్వాత కూడా రోజుల తరబడి మెదడు చెడుతోందంటే, అది కర్వ్ లెక్కలో లేదు.

మత్తుడాక్టరు

అది నిజం. ఆలస్యంగా వచ్చే ఆ దెబ్బను కర్వ్‌తో వివరించబోను. మొదటి గంటలో ఎవరు నడుస్తారు, ఎవరు పడిపోతారు అన్నంత వరకే నా వాదన.

గడుసుపిండం

మెట్‌హిమోగ్లోబిన్ సంగతి కూడా ఇదేనా? అక్కడ మోనాక్సైడ్ లేదు, కానీ సగం ఇనుము ఫెర్రిక్‌గా మారి పనికిరాకుండా పోతుంది. ఎడమకు జరుగుతుందా?

మత్తుడాక్టరు

జరుగుతుంది. ఫెర్రిక్ హీమ్ ఆక్సిజన్‌ను పట్టలేదు కానీ దాని అమరిక ఆక్సిజన్ పట్టిన హీమ్‌ను పోలి ఉంటుంది, అణువును ఆర్ వైపే లాగుతుంది. అదే అణువులోని మిగతా హీమ్‌ల పట్టు పెరుగుతుంది. లెక్కలో మోనాక్సైడ్ అంత శుభ్రంగా రాదు కానీ దారి ఒకటే.

ల్యాబ్‌పిల్ల

ఆక్సీమీటర్ మీద మాత్రం వేరుగా కనిపిస్తుంది. మెట్‌హిమోగ్లోబిన్ పెరిగేకొద్దీ SpO2 85 దగ్గరకు వచ్చి అక్కడే ఇరుక్కుంటుంది, ఆక్సిజన్ ఎంతిచ్చినా కదలదు. రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది, గాలి తగిలినా ఎర్రబడదు.

రెండోఏడాది, నువ్వు వార్డులో ఉన్నప్పుడు పనికొచ్చేది ఒకటి. మోనాక్సైడ్ అనుమానం ఉంటే ధమని కోసం వెతుక్కుంటూ ఆలస్యం చెయ్యకు. మోనాక్సైడ్ వాటా ధమనిలోనూ సిరలోనూ దాదాపు ఒకటే, అది దిగదు కాబట్టి. హెపారిన్ సిరంజిలో సిర రక్తం తీసి, గాలి బుడగ తీసేసి, మూతపెట్టి పంపు. వీలైతే ఆక్సిజన్ పెట్టేటప్పుడే తీయి, కానీ నమూనా కోసం ఆక్సిజన్ ఆపకు. చీటీ మీద ఆక్సిజన్ ఎప్పుడు మొదలుపెట్టారో, రక్తం ఎప్పుడు తీశారో రెండు టైములూ రాయి. పొగతాగే అలవాటు ఉందో లేదో కూడా రాయి, వాళ్లకు 10 శాతం దాకా మామూలుగానే ఉండొచ్చు. "కో-ఆక్సీమెట్రీ కావాలి" అని స్పష్టంగా అడగకపోతే కొన్ని చోట్ల మామూలు రక్తవాయువుల పరీక్ష చేసి, ఆ 97 నే పంపేస్తారు.